బీపీ మాత్రకీ పొడిదగ్గుకీ మధ్య ఊపిరితిత్తులు: శ్వాస కాకుండా అవి చేసే మరో పని

బీపీకి కొత్త మాత్ర మొదలుపెట్టిన నెలా రెండు నెలలకి కొంతమందికి పొడిదగ్గు పట్టుకుంటుంది. కఫం రాదు, జ్వరం ఉండదు. గొంతులో సన్నగా దురద పుట్టినట్టు ఉంటుంది, దగ్గినా తీరదు, పడుకుంటే ఇంకా ఎక్కువవుతుంది. సిరప్ తాగుతారు, యాంటీబయాటిక్ కోర్సు వాడతారు, టీబీ ఏమోనని టెన్షన్ పడి ఎక్స్‌రే తీయిస్తారు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది. ఆ దగ్గుకి కారణం రోజూ పొద్దున్నే వేసుకునే ఆ బీపీ మాత్రే కావచ్చని చాలా రోజుల దాకా ఎవరికీ తట్టదు.

రక్తపోటు తగ్గించే మందుకి దగ్గుతో ఏం పని? దీనికి జవాబు చెప్పాలంటే ఊపిరితిత్తులు గాలి పీల్చి వదలడం కాకుండా చేసే ఇంకో పని గురించి చెప్పాలి. అవి తమ గుండా పోయే రక్తంలోని కొన్ని పదార్థాలను మార్చేస్తాయి, కొన్నిటిని మాయం చేస్తాయి, కొన్నిటిని ముట్టుకోకుండా వదిలేస్తాయి.

ముందు రక్తం దారి చూద్దాం. మనిషి ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపు చేస్తుంది. ఇందులో కిడ్నీలకి ఐదోవంతు పోతుంది, మెదడుకి ఏడోవంతు దాకా పోతుంది. ఏ అవయవానికైనా దక్కేది ఒక వాటా మాత్రమే. ఊపిరితిత్తుల సంగతి వేరు. ఒళ్లంతా తిరిగి గుండె కుడివైపుకి చేరిన రక్తం దాదాపు మొత్తం వీటి గుండా పోతేనే ఎడమవైపుకి, అక్కడినుంచి మళ్లీ ఒంట్లోకి వెళ్తుంది. హైవే మీద టోల్‌గేటు లాంటిది, తప్పించుకునే పక్కదారి మామూలుగా ఉండదు. పైగా ఇక్కడి రక్తనాళాలు ఎర్రకణం ఒక్కటే పట్టేంత సన్నగా, కొన్ని పదుల చదరపు మీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. ఒక ఎర్రకణం ఈ సన్ననాళాల్లో గడిపేది ముప్పావు సెకను. ఆ ముప్పావు సెకనులోనే ప్రతి రక్తపు చుక్కా నాళం లోపలి గోడను రాసుకుంటూ పోతుంది. పని జరిగేది ఆ గోడ మీదే.

ఈ సంగతి పూర్తిగా తేలడానికి చాలాకాలం పట్టింది. 1920లలో స్టార్లింగ్, వెర్నీ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు కుక్క కిడ్నీని విడిగా తీసి, దానిలోకి రక్తం పంపుతూ పరిశీలించేవారు. పంపు నుంచి నేరుగా రక్తం పంపితే కిడ్నీ నాళాలు బిగుసుకుపోయేవి. అదే రక్తాన్ని మధ్యలో ఊపిరితిత్తుల గుండా పంపితే కిడ్నీ చక్కగా పనిచేసేది. ఒంట్లోంచి బయటికి తీసిన రక్తంలో నాళాలను బిగించేది ఏదో పుడుతోందనీ, ఊపిరితిత్తులు దాన్ని తీసేస్తున్నాయనీ వాళ్లకి అర్థమైంది. ఆ ‘ఏదో’ ముఖ్యంగా సెరోటోనిన్ అని తర్వాతి కాలంలో తెలిసింది.

అసలు మలుపు 1960లలో, లండన్‌లో జాన్ వేన్ అనే ఔషధ శాస్త్రవేత్త ల్యాబ్‌లో వచ్చింది. ఆయన పద్ధతి చూడటానికి మొరటుగా ఉంటుంది గానీ తెలివైనది. మత్తిచ్చిన కుక్క నాళంలోంచి రక్తాన్ని సన్నని ధారగా బయటికి తీసి, ఒకదాని కింద ఒకటి వేలాడదీసిన కండర ముక్కల మీదుగా కారనిచ్చి, మళ్లీ కుక్క ఒంట్లోకే పంపేవాడు. ఎలుక జీర్ణాశయం నుంచి కోసిన ముక్క ఒకటి, ఎలుక పెద్దపేగు ముక్క ఒకటి, కోడిపిల్ల పేగు ముక్క ఒకటి, ఇలా. ఒక్కో ముక్క ఒక్కో పదార్థానికి ముడుచుకుంటుంది. ఎలుక పెద్దపేగు, బీపీ పెంచే యాంజియోటెన్సిన్ అనే పదార్థానికి బాగా స్పందిస్తుంది. రక్తంలో ఏముందో రసాయన పరీక్షతో పట్టుకునేలోపే అది నాశనమైపోతుంది కాబట్టి, పారుతున్న రక్తాన్నే ఈ ముక్కలతో అప్పటికప్పుడు చదివించడం ఇందులోని కిటుకు.

యాంజియోటెన్సిన్ కథ అప్పటికి సగం తెలుసు. రక్తపోటు పడిపోయినప్పుడు కిడ్నీ రెనిన్ అనే ఎంజైమ్‌ను వదులుతుంది. లివర్‌లో తయారై రక్తంలో తిరుగుతున్న ఒక పెద్ద ప్రోటీన్ నుంచి రెనిన్ 10 అమైనో ఆమ్లాల ముక్కను కోస్తుంది. ఇది యాంజియోటెన్సిన్-1. దీనికి తనంతట తానుగా పెద్ద శక్తి లేదు. దీని చివరి రెండు అమైనో ఆమ్లాలు ఊడిపోయి 8 మిగిలితే యాంజియోటెన్సిన్-2 అవుతుంది. అది నాళాలను గట్టిగా బిగిస్తుంది, అడ్రినల్ గ్రంథితో ఆల్డోస్టిరాన్ వదిలించి ఉప్పును ఒంట్లో నిలబెడుతుంది, బీపీ పెంచుతుంది. ఆ చివరి రెండింటినీ కోసే ఎంజైమ్‌ను 1956లో అమెరికాలో స్కెగ్స్ బృందం గుర్రం రక్తరసంలో కనిపెట్టింది. దాని పేరు యాంజియోటెన్సిన్ కన్వర్టింగ్ ఎంజైమ్, డాక్టర్ల మాటల్లో ఏస్. రక్తంలో దొరికింది కాబట్టి కోత కూడా రక్తంలోనే జరుగుతుందని అందరూ అనుకున్నారు.

1967లో వేన్, ఆయనతో పనిచేసిన ఇంగ్ కలిసి ఈ ఊహలోని లొసుగు పట్టుకున్నారు. రక్తరసంలో ఉన్న ఏస్ చాలా నిదానంగా పనిచేస్తోంది. బయట గొట్టంలో రక్తాన్ని నిలిపి ఉంచితే యాంజియోటెన్సిన్-1 మారడానికి నిమిషాలు పడుతోంది. బతికున్న జంతువులోనేమో సెకన్లలో మారిపోతోంది. మరి ఎక్కడ? యాంజియోటెన్సిన్-1ను సిరలోకి ఎక్కించారు, అంటే అది ముందు ఊపిరితిత్తుల గుండా పోవాలి. అవతల ధమనిలోంచి తీసిన రక్తానికి ఎలుక పేగు ముక్క గట్టిగా ముడుచుకుంది. నేరుగా ధమనిలోకి ఎక్కిస్తే అంత ఫలితం లేదు. తేడా అల్లా మధ్యలో ఊపిరితిత్తులు ఉండటమే.

ఇప్పుడు మనకు తెలిసిన ప్రకారం ఏస్ ఆ సన్ననాళాల లోపలి పొర కణాలకి అతుక్కుని, కోసే భాగం రక్తంవైపు తిరిగి ఉంటుంది. పదార్థం కణం లోపలికి పోనక్కర్లేదు. పారుతున్న రక్తంలో పోతూ పోతూనే తోక తెగిపోతుంది. ఏస్ ఊపిరితిత్తుల్లోనే ఉందనుకోవద్దు. కిడ్నీలోనూ, ఇంకా ఎన్నో చోట్ల నాళాల గోడల్లోనూ ఉంది. గుండె కండరంలో అయితే ఏస్‌తో పని లేకుండా కైమేజ్ అనే ఇంకో ఎంజైమ్ కూడా ఈ కోత కోయగలదు. అయినా రక్తమంతా దాటే చోటు కాబట్టి ఊపిరితిత్తుల వాటా పెద్దది.

దగ్గు సంగతి ఇక్కడే మొదలవుతుంది. ఏస్ కోసేది యాంజియోటెన్సిన్‌ను ఒక్కదాన్నే కాదు. బ్రాడీకైనిన్ అనే 9 అమైనో ఆమ్లాల పదార్థం ఉంది. దీన్ని 1940ల చివర బ్రెజిల్‌లో రోషా ఎ సిల్వా బృందం కనిపెట్టింది. అక్కడి జరారాకా అనే పాము విషాన్ని రక్తానికి కలిపితే పుట్టుకొచ్చిన పదార్థం అది. నాళాలను వదులు చేస్తుంది, బీపీ తగ్గిస్తుంది, నొప్పినీ దురదనీ మోసే నరాల చివర్లను రెచ్చగొడుతుంది. ఏస్ దీని తోక నుంచి కూడా రెండు అమైనో ఆమ్లాలను కోసేస్తుంది, దాంతో దాని పని అయిపోతుంది. ఊపిరితిత్తుల్లోకి వచ్చిన బ్రాడీకైనిన్‌లో చాలా భాగం ఒక్క విడత దాటేసరికే నాశనమవుతుంది. బీపీ పెంచేదాన్ని తయారుచేసేదీ, బీపీ తగ్గించేదాన్ని చంపేసేదీ ఒకే ఎంజైమ్ అన్నమాట. రెండూ వేర్వేరు ఎంజైములు అనుకునేవారు. 1970లో అర్దోష్ బృందం ఒకటేనని చూపించింది.

ఆ పాము విషంలోనే ఇంకో వింత ఉంది. బ్రాడీకైనిన్‌ను నాశనం కాకుండా కాపాడే పదార్థాలు కూడా అందులో ఉన్నాయని రోషా ఎ సిల్వా శిష్యుడు సెర్జియో ఫెరీరా కనిపెట్టాడు. ఆయన ఆ విషసారాన్ని వెంటబెట్టుకుని లండన్‌లో వేన్ ల్యాబ్‌కి వచ్చాడు. అక్కడే పనిచేస్తున్న బాఖ్లే దాన్ని కుక్క ఊపిరితిత్తుల నుంచి తీసిన ఏస్ మీద పరీక్షించి, ఏస్ ఆగిపోతోందని 1968లో ప్రకటించాడు. స్క్విబ్ కంపెనీలో ఒండెట్టి, కుష్‌మన్ ఈ దారి పట్టుకుని, నోటితో వేసుకోగల మాత్రగా కాప్టోప్రిల్‌ను తయారుచేశారు. 1981లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఇవాళ మన మెడికల్ షాపుల్లో దొరికే ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పేరు చివర ‘ప్రిల్’ ఉన్నవన్నీ ఆ కుటుంబమే.

కాబట్టి ‘ప్రిల్’ మాత్ర వేసుకున్నప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. యాంజియోటెన్సిన్-2 తయారీ తగ్గుతుంది, మనకి కావలసింది అదే. బ్రాడీకైనిన్ నాశనం కూడా తగ్గుతుంది, అది శ్వాసనాళాల దగ్గర పోగుపడుతుంది. ఏస్ కోసే ఇంకో పదార్థం, సబ్‌స్టన్స్-పి, అదీ మిగిలిపోతుంది. ఇవి రెండూ దగ్గు నరాల చివర్లను మరీ సున్నితంగా మార్చి, చిన్న చల్లగాలికే, చిన్న మాటకే దగ్గొచ్చేలా చేస్తాయి. ఇప్పటికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇదే.

దీన్ని ఒక మనిషి మీద పెట్టి చూద్దాం. యాభై ఐదేళ్లావిడ, షుగరూ బీపీ ఉన్నాయి, రామిప్రిల్ 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు అనుకుందాం. ఆరు వారాలకి పొడిదగ్గు వచ్చింది. రెండు రకాల సిరప్‌లు అయ్యాయి, కఫం రాదు కాబట్టి కఫం పరీక్షకి ఇవ్వడానికే ఏమీ లేదు, ఎక్స్‌రే బాగుంది. అప్పుడొక డాక్టరు, “అమ్మా, మీరు వేసుకునే బీపీ మాత్ర అట్ట ఏదీ, ఒకసారి చూపించండి” అంటారు. అట్ట మీద ‘ప్రిల్’ ఉంది. మందు మార్చి టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు రాస్తారు. నాలుగో రోజుకి ఆవిడ ఫోన్ చేసి “ఏం తగ్గలేదండీ” అంటారు. చాలా కేసులు దారి తప్పేది ఈ నాలుగో రోజునే. ఈ దగ్గు మందు ఆపిన మర్నాడే పోదు. సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి మూడు నెలల దాకా లాగుతుంది. ఓపిక పట్టి చూస్తే మూడో వారానికి రాత్రి నిద్ర పడుతుంది. మందు ఆపాక దగ్గు పోవడమే ఇక్కడ రోగ నిర్ధారణ, దీనికి రక్తపరీక్ష ఏదీ లేదు.

టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటి ‘సార్టన్’ మందులు ఏస్ జోలికి పోవు. యాంజియోటెన్సిన్-2 తయారైనా, అది వెళ్లి కూర్చోవాల్సిన రిసెప్టర్‌ను ఇవి ఆక్రమిస్తాయి. ఏస్ తన పని తాను చేసుకుంటుంది, బ్రాడీకైనిన్ ఎప్పటిలాగే తెగిపోతుంది, అందుకే దగ్గు రాదు. డోసు తగ్గిస్తే దగ్గు తగ్గుతుందేమో అని కొందరు సగం మాత్ర మింగుతారు గానీ, ఈ దగ్గు డోసుని బట్టి నడిచేది కాదు. ఈ మందులు వాడేవాళ్లలో ఎంతమందికి దగ్గు వస్తుందన్న లెక్క అధ్యయనాన్ని బట్టి బాగా మారుతుంది. నూటికి పదిమంది అనుకుంటే మరీ తప్పు కాదు. ఆడవాళ్లకి ఎక్కువ.

దగ్గు చిరాకు పెడుతుంది గానీ ప్రాణం తీయదు. ఇదే బ్రాడీకైనిన్ వల్ల వచ్చే ఇంకో ఇబ్బంది ఉంది, అది అరుదు గానీ ప్రమాదం: పెదవులు, నాలుక, గొంతు ఉన్నట్టుండి వాచిపోవడం. మందు మొదలుపెట్టిన ఏడాది తర్వాత కూడా రావచ్చు. దద్దుర్లు, దురద ఉండవు. అలర్జీ అనుకుని ఇచ్చే ఇంజక్షన్లకి ఇది సరిగ్గా లొంగదు, ఎందుకంటే ఇక్కడ దోషి హిస్టమిన్ కాదు. ఇది వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, ‘ప్రిల్’ మందు మళ్లీ ఎప్పుడూ ముట్టకూడదు. దగ్గు విషయంలో మాత్రం మందు మనంతట మనం ఆపేసి కూర్చోవడం మంచిది కాదు. గుండె బలహీనపడ్డవాళ్లకి, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఆ మందు బీపీ కోసమే కాక వేరే లెక్కతో ఇచ్చి ఉంటారు. డాక్టరుకి చెప్పి మార్పించుకోవాలి.

ఏస్ పని గోడ మీద జరుగుతుందని చెప్పాను. ఊపిరితిత్తులకి ఇంకో పద్ధతి కూడా ఉంది: పదార్థాన్ని రక్తంలోంచి కణం లోపలికి లాక్కుని, లోపల ముక్కలు చేయడం. సెరోటోనిన్ ఇలాగే పోతుంది, ఒక్క విడతలో దాదాపు అంతా. నార్‌అడ్రినలిన్ మూడోవంతు దాకా పోతుంది. దానికి దగ్గరి చుట్టం లాంటి అడ్రినలిన్ మాత్రం చెక్కు చెదరకుండా దాటిపోతుంది. రెండింటికీ రసాయనంగా ఉన్న తేడా ఒక్క చిన్న మిథైల్ గుంపు. లోపల ముక్కలు చేసే ఎంజైములు అడ్రినలిన్‌నీ ముక్కలు చేయగలవు, కానీ కణంలోకి మోసుకెళ్లే రవాణా ప్రోటీన్ దాన్ని ఎక్కించుకోదు. కణాలు తమ చుట్టుపక్కల పని కోసం తయారుచేసుకునే ప్రోస్టాగ్లాండిన్-ఇ2 అనే పదార్థం కూడా దాదాపు అంతా పోతుంది, దాని బంధువు ప్రోస్టాసైక్లిన్ మాత్రం దాటుతుంది. కారణం అదే. వడపోత జరుగుతున్నది లోపల కాదు, గుమ్మం దగ్గర.

దీనికి పుస్తకాల్లో ఒక సూత్రం చెబుతారు. పుట్టిన చోటే పనిచేయాల్సిన పదార్థాలను ఊపిరితిత్తులు ఆపేస్తాయనీ, అడ్రినలిన్, యాంజియోటెన్సిన్-2 లాగా ఒళ్లంతా తిరగాల్సిన హార్మోన్లను వదిలేస్తాయనీ. సూత్రం చక్కగా ఉంది, చాలావరకు నిజం కూడా. కానీ హిస్టమిన్ దగ్గర బెడిసికొడుతుంది. అదీ స్థానికంగా పనిచేసేదే, అయినా ఊపిరితిత్తులు దాన్ని పెద్దగా పట్టించుకోవు.

ఈ వడపోత ఎంత గట్టిదో ఒక జబ్బులో కళ్లారా కనిపిస్తుంది. చిన్నపేగులో వచ్చే కార్సినాయిడ్ అనే కణితి సెరోటోనిన్‌ను కుమ్మరిస్తుంది. పేగు నుంచి వచ్చే రక్తం ముందు లివర్ గుండా పోవాలి కాబట్టి మొదట్లో లివరే దాన్ని శుభ్రం చేస్తుంది, రోగికి ఏమీ తెలియదు. కణితి లివర్‌లోకి పాకాక, అక్కడ పుట్టే సెరోటోనిన్ నేరుగా గుండె కుడివైపుకి చేరుతుంది. ముఖం ఎర్రబారడం, విరేచనాలు అప్పుడు మొదలవుతాయి. కొందరిలో కుడివైపు రెండు కవాటాలు, ట్రైకస్పిడ్, పల్మనరీ, తెల్లగా మందంగా గట్టిపడి సరిగ్గా మూసుకోవు. కాళ్లు వాస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది. ఎడమవైపు కవాటాలు మాత్రం చాలామందిలో శుభ్రంగా ఉంటాయి. అదే గుండె, అదే రక్తం, మధ్యలో ఊపిరితిత్తులు ఉన్నాయి, అంతే. అవి సెరోటోనిన్‌ను విరిచి వేరే పదార్థంగా మారుస్తాయి. ఒంట్లో సెరోటోనిన్ ఇలా విరిగి మిగిలినది మూత్రంలో పోతుంది, 24 గంటల మూత్రం పట్టి దాన్ని కొలుస్తారు. ఆ పరీక్షకి ముందు అరటిపండు, అనాస, టమాటా తినొద్దంటారు, వాటిలో సెరోటోనిన్ ఉంటుంది కాబట్టి.

కార్సినాయిడ్ ఉన్న రోగికి ఎడమవైపు కవాటాలూ పాడైతే డాక్టర్లు రెండు ప్రశ్నలు వేస్తారు. గుండె గదుల మధ్య గోడలో పుట్టుకతో మిగిలిన రంధ్రం ఉందా? ఉంటే రక్తం ఊపిరితిత్తులను తప్పించుకుని పోతోంది. లేదా కణితి ఊపిరితిత్తుల్లోనే ఉందా? ఉంటే దాని సెరోటోనిన్ వడపోత దాటాక కలుస్తోంది. దీనికి అద్దం పట్టే ఉదాహరణ ఒకటి మందుల చరిత్రలో ఉంది. బరువు తగ్గడానికి వాడిన ఫెన్‌ఫ్లురమిన్ అనే మందు ఇదే తరహాలో కవాటాలను మందంగా చేసింది, 1997లో దాన్ని అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. కానీ దెబ్బ ఎక్కువగా తగిలింది ఎడమవైపు కవాటాలకి. మాత్ర మింగితే ఒళ్లంతా తిరిగే మందు అది, సెరోటోనిన్‌లా ఊపిరితిత్తుల దగ్గర మాయమయ్యేది కాదు.

ప్రోస్టాగ్లాండిన్ వడపోత పనిచేయడం మనందరికీ పుట్టిన రోజుల్లోనే జరిగిపోయింది. తల్లి కడుపులో బిడ్డ ఊపిరితిత్తులకి గాలితో పని లేదు. అందుకే గుండె కుడివైపు నుంచి వచ్చే రక్తంలో చాలా భాగం డక్టస్ ఆర్టీరియోసస్ అనే చిన్న నాళం గుండా నేరుగా మహాధమనిలోకి పోతుంది. ఆ నాళాన్ని తెరిచి ఉంచేవాటిలో ముఖ్యమైనది ప్రోస్టాగ్లాండిన్-ఇ2. మాయ దాన్ని తయారుచేస్తూ ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోయే రక్తం తక్కువ కాబట్టి నాశనమయ్యేదీ తక్కువ. బిడ్డ పుట్టి ఏడవగానే రెండూ తారుమారవుతాయి. మాయ పోయింది, రక్తమంతా ఊపిరితిత్తుల్లోకి పోవడం మొదలైంది, అక్కడ ప్రోస్టాగ్లాండిన్ నాశనమవుతోంది. రక్తంలో ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. నెలలు నిండిన బిడ్డలో ఆ నాళం రెండు మూడు రోజుల్లో బిగుసుకుని పనిచేయడం మానేస్తుంది.

కొందరు పిల్లలు గుండె లోపంతో పుడతారు, వాళ్లకి ఆ నాళమే బతుకుదారి. ఊపిరితిత్తులకి వెళ్లే కవాటం పూర్తిగా మూసుకుపోయి ఉంటే రక్తం చేరేది ఆ నాళం గుండానే. అది మూసుకుంటున్న కొద్దీ బిడ్డ నీలంగా మారుతుంది. ఆపరేషన్ జరిగేదాకా నాళాన్ని తెరిచి ఉంచడానికి ప్రోస్టాగ్లాండిన్-ఇ1 ఎక్కిస్తారు, బిడ్డ బరువులో ఒక్కో కిలోకి నిమిషానికి 0.05 నుంచి 0.1 మైక్రోగ్రాముల చొప్పున మొదలుపెట్టి, నాళం తెరుచుకున్నాక తగ్గిస్తారు. ఇది ఒక ఇంజక్షన్ చేసి ఊరుకునే మందు కాదు, పంపు మీద ఆగకుండా నడుస్తూనే ఉండాలి. మందు ఊపిరితిత్తులను ఒక్కసారి దాటేసరికే పెద్ద భాగం నాశనమవుతుంది, పంపు ఆగితే నిమిషాల్లో రక్తంలో మిగిలేది ఏమీ ఉండదు. అందుకే ఇలాంటి బిడ్డను ఒక ఊరి నుంచి పెద్దాస్పత్రికి అంబులెన్స్‌లో తరలించేటప్పుడు పంపు బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ముందే చూసుకుంటారు. విడిగా ఇంకో సూది దారి కూడా సిద్ధంగా పెట్టుకుంటారు. ఈ మందుతో బిడ్డ ఊపిరి తీయడం ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది కాబట్టి శ్వాస అందించే సరంజామా పక్కనే ఉండాలి.